టీకా కార్డులో తేదీ ఉంటే సూది వేసినట్టేనా?

ప్రశ్న: మా బాబు 2025 మార్చి 12న శ్రీకాకుళంలో ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టాడు. నేను హైదరాబాద్‌లో పనిచేస్తున్నాను. మా ఆవిడ, బాబు ఆమదాలవలస దగ్గర మా అత్తవారి ఊళ్లో ఉన్నారు. టీకా కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపితే చూసి తేదీలన్నీ రాసుకున్నాను. నెలన్నర టీకాల దగ్గర 23-4-25, రెండున్నర నెలల టీకాల దగ్గర 4-6-25, మూడున్నర నెలల టీకాల దగ్గర 2-7-25 అని ఉంది. "రెండోసారి ఒక్క సూదే వేశారు, తర్వాత వెళ్తే జ్వరం ఉందని పంపేశారు" అని మా ఆవిడ అంటోంది. "అన్నీ ఏయించేసినాం" అంటారు మా అత్తగారు. ఒక యాప్‌లో పుట్టిన తేదీ కొడితే మూడో డోసు జూన్ 18 అని చూపిస్తోంది. పుట్టినప్పుడు వేయాల్సిన హెపటైటిస్ బి గడి ఖాళీగా ఉంది. ఇప్పుడు ఏవి మిగిలాయి, ఎప్పుడు వేయించాలి?

జవాబు: మీ ఆవిడ చెప్పిన ఒక్క మాటతో చిక్కు చాలావరకు విడిపోతోంది. మన ప్రభుత్వ పట్టిక ప్రకారం నెలన్నరకి మూడు సూదులు: ఎడమ తొడకి పెంటావాలెంట్, కుడి తొడకి న్యుమోనియా నుంచి కాపాడే పీసీవీ, కుడి భుజం మీద చర్మంలోకి చిన్నగా ఎఫ్‌ఐపీవీ అనే పోలియో సూది. వీటికి తోడు నోట్లో పోలియో చుక్కలు, రోటా మందు. రెండున్నర నెలలకి సూది ఒక్కటే, పెంటావాలెంట్. చుక్కలు, రోటా మామూలే. మూడున్నర నెలలకి మళ్లీ మూడు సూదులు. ఒక్క సూది వేశారని ఆమెకి గుర్తున్నది రెండున్నర నెలల డోసు గురించే. ఆ తర్వాత రెండు తొడలకీ, భుజానికీ సూదులు పడిన రోజు ఇంకొకటి ఉందా అని అడగండి. బాబు రెండు కాళ్లూ వాచి రాత్రంతా ఏడ్చిన రోజును ఏ తల్లీ మర్చిపోదు. అలాంటి రోజు లేదంటే మూడో విడత పడలేదనే అనుకోవాలి.

మరి 2-7-25 ఎక్కడి నుంచి వచ్చింది? జూన్ 4కి ఇరవై ఎనిమిది రోజులు కలిపి చూడండి, సరిగ్గా జూలై 2 వస్తుంది. రెండో డోసు వేసిన రోజే ఏఎన్ఎం గారు "మళ్లీ ఈ తేదీకి రండి" అని ఆ గడిలో రాసి ఉంటారు. మా దగ్గరికి వచ్చే కార్డుల్లో ఇది తరచూ చూస్తాం. గడి చిన్నది, రావలసిన తేదీ, వేసిన తేదీ రెండూ అందులోనే రాస్తారు. ఫొటోలో పెన్సిలో పెన్నో కూడా తేలదు. అందుకే మీ ఆవిడ చేత అసలు కార్డు పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, మడత విప్పి బల్ల మీద పరిచి, ముందూ వెనకా మళ్లీ ఫొటో తీయించండి. ఆ తేదీ మిగతావాటికంటే పలుచగా ఉందా, అదే రోజు వేయాల్సిన మూడు సూదులు, చుక్కలు, రోటా గడులన్నింటిలోనూ ఉందా, ఒక్క గడిలోనే ఉందా అన్నది చూడండి. ఒక్క పెంటా గడిలోనే ఉండి మిగతా గడులు ఖాళీగా ఉంటే అది వేసిన తేదీ కాదు, రమ్మన్న తేదీ.

ఇంట్లో ఈ వాదన తేల్చుకోవక్కర్లేదు. కార్డుకి జతగా ఒక ముక్క ఏఎన్ఎం గారి దగ్గర ఉంటుంది, రిజిస్టరు ఉంటుంది. మీ మొబైల్ నంబరుతో ప్రభుత్వ టీకా నమోదు వ్యవస్థ యూ-విన్‌లో నమోదైతే అక్కడా కనిపిస్తుంది. మూడింటిలోనూ లేకపోతే వేయలేదనే లెక్క. అప్పటికే వేసిన డోసు పొరపాటున మళ్లీ పడినా బాబుకి ముప్పు రాదు. వేయకుండా వేశామనుకుంటేనే ముప్పు.

ఇక మీ యాప్ తేదీ. జూన్ 18 పుట్టిన తేదీ నుంచి పద్నాలుగు వారాలకు వస్తుంది, ఆ లెక్కలో తప్పు లేదు. కానీ రెండో డోసు మే 21న కాకుండా జూన్ 4న పడింది. ఒక డోసుకీ మరో డోసుకీ కనీసం నాలుగు వారాలు ఉండాలి. జూన్ 18కి రెండు వారాలే అవుతాయి. కాబట్టి ఒక విడత ఆలస్యమైతే తర్వాతి తేదీని పుట్టిన తేదీ నుంచి కాదు, వేసిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. పుట్టిన తేదీ తప్ప మరేమీ అడగని యాప్‌కి ఈ సంగతి తెలిసే దారి లేదు.

ఆలస్యమైనందుకు మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే. ఈ నవంబరు 19 బుధవారం, అంటే మన దగ్గర టీకాలు వేసే రోజు, మూడో విడత మొత్తం వేయించండి: పెంటా, పోలియో చుక్కలు, రోటా మూడో డోసులు, ఎఫ్‌ఐపీవీ, పీసీవీ రెండో డోసులు. పోలియో ఆదివారాల్లో వేసే చుక్కలు వీటికి అదనం, ఆ తేదీలను ఈ గడుల్లో నింపకండి.

ఇక్కడే ఒక పొరపాటుకి అవకాశం ఉంది. నవంబరు 19కి బాబుకి సరిగ్గా ముప్పై ఆరు వారాలు. నాలుగు వారాలంటే ఒక నెల అనుకుంటే తొమ్మిది నెలలు నిండినట్టే కనిపిస్తుంది, తట్టు, రుబెల్లా రాకుండా వేసే "ఆ ఎంఆర్ సూది కూడా ఈరోజే వేసేయండి" అనిపిస్తుంది. వద్దు. మొదటి మూడు విడతలనే వారాల్లో లెక్కపెడతాం. తొమ్మిది నెలల టీకా క్యాలెండరు నెలలతోనే, మార్చి 12కి తొమ్మిది నెలలు డిసెంబరు 12న నిండుతాయి. తల్లి నుంచి బిడ్డకి వచ్చిన రక్షణ ఒంట్లో ఇంకా ఉండగా ఎంఆర్ వేస్తే, అది టీకాలోని వైరస్‌ను అణిచేసి టీకా పట్టకుండా చేస్తుంది. ఆ రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, అందుకే తొమ్మిది నెలలు నిండేదాకా ఆగుతాం. డిసెంబరు 12 శుక్రవారం, కాబట్టి 13 శనివారం గానీ 17 బుధవారం గానీ వెళ్లండి. నవంబరులో పెంటా ఆలస్యంగా పడిందని ఎంఆర్‌ని వెనక్కి నెట్టక్కర్లేదు, ఈ రెంటి మధ్య వ్యవధి నియమం లేదు.

పీసీవీ బూస్టర్ మాత్రం అలా కాదు. మామూలుగా అదీ తొమ్మిది నెలలకే వేస్తారు, కానీ అంతకుముందు డోసుకీ దానికీ ఎనిమిది వారాలు ఉండాలి. నవంబరు 19కి ఎనిమిది వారాలు కలిపితే జనవరి 14, సంక్రాంతి పండగ రోజులు. ఆ వారం సెలవులూ చుట్టాలతో అడావుడి ఉంటుంది, కాబట్టి జనవరి 21 బుధవారం అని రాసుకోండి. వ్యవధి పెరిగితే నష్టం లేదు, తగ్గితేనే సమస్య. నవంబరు 19న బాబుకి ఒంట్లో బాగోలేక తేదీ జరిగితే జనవరి తేదీ కూడా అంతే జరుగుతుందని మీ నోట్సులో పక్కనే రాసుకోండి.

ఖాళీగా ఉన్న హెపటైటిస్ బి గడి గురించి టెన్షన్ వద్దు. అది పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు వేసేది, ఇప్పుడు వేయరు. ప్రైవేటు ఆసుపత్రిలో వేసి డిశ్చార్జి కాగితంలో మాత్రమే రాసి, ఈ కార్డులోకి ఎక్కించకపోవడం మామూలే. ఆ కాగితం తీసి చూడండి, ఉంటే ఏఎన్ఎం గారి చేత ఎక్కించండి. లేకపోయినా పెంటావాలెంట్‌లోని ఐదింటిలో హెపటైటిస్ బి ఒకటి, మూడు డోసులూ పూర్తయితే ఆ రక్షణ వస్తుంది. మూడో డోసు వదిలేయకూడదు అనడానికి ఇది ఇంకో కారణం.

అంటే మీ ఫోన్‌లో ఉండాల్సింది ఇంతే:

నవంబరు 19 బుధవారం: మూడో విడత (రిజిస్టరు చూసి నిర్ధారించాక).
డిసెంబరు 13 లేదా 17: ఎంఆర్ మొదటి డోసు, విటమిన్ ఎ మొదటిసారి.
జనవరి 21: పీసీవీ బూస్టర్.
2026 జూలై 15 బుధవారం: పదహారు నెలలవి, అంటే ఎంఆర్ రెండో డోసు, డీపీటీ బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్, విటమిన్ ఎ రెండోసారి.

ఒక్కొక్క తేదీ పక్కన అది దేని నుంచి లెక్కపెట్టారో కూడా రాయండి: "పుట్టిన తేదీ నుంచి", "నవంబరు డోసు నుంచి" అని. తేదీ జరిగినప్పుడు ఏది మారాలో ఏది మారకూడదో అప్పుడే తెలుస్తుంది.

మీరు ఊళ్లో లేరు కాబట్టి మీ ఆవిడ తీసుకెళ్లే ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వండి. సూది వేశాక బాబు ఏడుస్తుంటే ఏదీ గుర్తుండదు. అన్నిటికంటే ముందు, సూది వేయకముందే అడగాల్సింది: "జూలై 2న మీ రిజిస్టరులో మా బాబుకి డోసు రాశారా?" తర్వాత, మూడో ఎఫ్‌ఐపీవీ డోసు. పట్టికలో అది తొమ్మిది నెలలకి ఉంది, రెండోది ఇప్పుడు ఆలస్యంగా పడుతోంది, కాబట్టి మూడోది ఎంఆర్‌తోనే వేస్తారో ఇంకా ఆగమంటారో వారినే అడిగి తేదీ రాయించుకోవాలి. మీ కార్డు పాత ముద్రణ అయితే ఈ మూడో డోసుకి గడే ఉండదు. గడి లేదంటే టీకా లేదని కాదు, ఎందుకంటే 2023 నుంచే దాన్ని పట్టికలో చేర్చారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా కొన్ని జిల్లాల్లోనే ఇస్తారు, మన దగ్గర ఇస్తున్నారా అని అదే చీటీలో చేర్చండి.

క్రితంసారి జ్వరమని పంపేశారు కాబట్టి ఇది కూడా అడగాలి: "జలుబు, కొద్దిపాటి వేడి ఉంటే వేస్తారా?" సాధారణంగా జలుబుకి, కొద్దిపాటి జ్వరానికి టీకా ఆపాల్సిన పని లేదు. బిడ్డ బాగా నీరసించి పాలు తాగనప్పుడు, తీవ్రమైన జ్వరం ఉన్నప్పుడు వాయిదా వేస్తాం. మొదటి రెండు డోసుల తర్వాత ఫిట్స్ గానీ, ముఖం వాచి ఊపిరాడని స్థితి గానీ వచ్చి ఉంటే మాత్రం అడగకపోయినా ముందే చెప్పాలి. అప్పుడు డాక్టరుని చూశాకే మూడో డోసు.

జ్వరం మందు ఎన్ని ఎంఎల్ వేయాలో బాబు బరువు తూచి రాయించుకోమనండి. పారాసిటమాల్ చుక్కల మందు, సిరప్ ఒకటే అనుకుంటారు. సాధారణంగా దొరికే చుక్కల మందులో ఒక ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు, సిరప్‌లో ఐదు ఎంఎల్‌కి 125. సిరప్ కొలత గుర్తుపెట్టుకుని చుక్కల మందు అంతే పోస్తే నాలుగు రెట్లు పడుతుంది. ఇంట్లో ఏ సీసా ఉందో అదే వెంట తీసుకెళ్తే సరిపోతుంది.

సంక్రాంతి తర్వాత ఇద్దరినీ హైదరాబాద్ తీసుకెళ్లే ఆలోచన ఉంటే జనవరి డోసు అక్కడి ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగానే వేస్తారు. ఫొటో సరిపోదు, అసలు కార్డు బాబుతో పాటు వెళ్లాలి. బయల్దేరే ముందు నవంబరు, డిసెంబరు డోసుల గడులన్నీ పెన్నుతో నిండాయో లేదో ఒక్కసారి చూసుకోండి.