ఫ్రీస్టైల్‌లో 25 మీటర్లకే ఆయాసం: ఊపిరి సరిచేసుకోవడం ఎలా?

"బెంగళూరులో ఉంటాను, 36 ఏళ్లు. పది కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలను, కానీ ఫ్రీస్టైల్‌లో 25 మీటర్లకే ఆయాసం వచ్చేస్తోంది. స్ప్రింట్ ట్రయాథ్లాన్‌లో 750 మీటర్లు ఈదాలి. ఏం చేయాలి?"

స్టామినా గురించి టెన్షన్ వద్దండి. పెద్దయ్యాక ఈతకు వచ్చినవాళ్లు చాలామంది ముఖం నీళ్లలో పెట్టగానే ఊపిరి బిగబడతారు. తల తిప్పిన ఆ క్షణంలోనే పాత గాలి వదలాలి, కొత్తది పీల్చాలి. రెండూ కుదరవు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని, గాలి చాలడం లేదనే గాబరా పుడుతుంది. నిజానికి ఊపిరితిత్తులు నిండుగానే ఉంటాయి.

ముందు గోడ దగ్గర మొదలుపెట్టండి. ఛాతీ లోతులో నిలబడి, గట్టు పట్టుకుని, ముఖం ముంచి ముక్కుతో సన్నగా బుడగలు వదలండి. తల తిప్పే ముందు మిగిలింది నోటితో గట్టిగా ఊదేయండి. అప్పుడు పక్కకు తిరగ్గానే గాలి దానంతటదే లోపలికి వస్తుంది. మధ్యలో బుడగలు ఆగితే మళ్లీ బిగబట్టినట్టే.

తర్వాత ఫిన్స్ వేసుకుని సైడ్ కిక్. ఎడమ పక్కకు ఒరిగి ఎడమ చెయ్యి ముందుకు చాచండి, కుడి చెయ్యి తొడ మీద ఉంచండి. చూపు కొలను అడుగు వైపు. గాలి కావాలంటే కుడివైపు ముఖం తిప్పండి, తల ఎత్తొద్దు. ఆరు కిక్‌ల తర్వాత ఒక స్ట్రోక్ వేసి అవతలి పక్కకు మారండి. పరుగు వాళ్లకు చీలమండలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి ఫిన్స్ లేకుండా ఈ డ్రిల్ ముందుకు కదలదు.

బసవనగుడి కొలనులో మాతో ఈదే ఒక మారథాన్ రన్నర్‌కి కాళ్లు మునిగిపోయేవి. కిక్ చాలడం లేదనుకుని ఆయన ఇంకా గట్టిగా కొట్టేవారు, ఇంకా త్వరగా అలిసిపోయేవారు. పక్క లేన్‌లోంచి చూస్తే అసలు సంగతి తెలిసింది: ఊపిరి తీసుకున్న ప్రతిసారీ గాగుల్స్ అద్దాలు రెండూ నీళ్ల పైకి వస్తున్నాయి. తల లేస్తే నడుము, కాళ్లు దిగిపోతాయి. ఒక అద్దం నీళ్లలోనే ఉంచడం అలవాటయ్యాక ఆయన కిక్ సగానికి తగ్గించినా కాళ్లు తేలాయి. మీరూ ఎవరినైనా పక్క నుంచి వీడియో తీయమనండి.

దూరం ఇప్పుడే పెంచకండి. 25 మీటర్లు ఈది, ఊపిరి కుదుటపడేదాకా ఆగి, మళ్లీ ఈదండి. అలా ఎనిమిది సార్లు చాలు. చివరిదాంట్లోనూ బుడగలు ఆగకపోతే 50కి వెళ్లండి. మూడు స్ట్రోక్‌లకోసారి ఊపిరి తీసుకోమని ఎవరో ఒకరు చెబుతారు. ఇప్పటికి వినకండి, రెండింటికోసారి తీసుకోండి. రెండోవైపు ఊపిరి తీసుకోవడం తర్వాత నేర్చుకోవచ్చు. చెన్నై లాంటి చోట సముద్రంలో ఈదేటప్పుడు అల ముఖం మీదికి వస్తుంటే అది పనికొస్తుంది. ఊపిరి బిగబట్టి కొలను పొడవునా ఈదే ప్రాక్టీస్ మాత్రం ఒంటరిగా అస్సలు చేయొద్దు, నీళ్లలోనే స్పృహ తప్పవచ్చు.