మిర్చి ధర ముందే తెలిసిపోతే

చిన్నా,

డేటా సైన్స్ ఉద్యోగాలకు అప్లై చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషమేసింది, వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. నీ గిట్‌హబ్ తెరిచాను. పదకొండు ప్రాజెక్టులా! టైటానిక్, ఐరిస్ తీసేయ్. మా టీమ్‌కి వచ్చే రెజ్యూమెల్లో అవి చూసి చూసి మొహం మొత్తింది. మిగిలినవాటిలో రెండు ఉంచు, చాలు.

మిర్చి ధరలది మాత్రం ఉండాలి. అది చూడగానే నా మొదటి ఇంటర్వ్యూ గుర్తొచ్చి కడుపులో తిప్పింది.

నేనూ గుంటూరు యార్డు ధరలే తీసుకున్నాను. అగ్‌మార్క్‌నెట్‌లో రోజుకు మూడు ధరలుంటాయి కదా: కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు పలికిన మోడల్ ధర. ఆ మూడోదాన్ని అంచనా వేయడానికి అదే రోజు కనిష్ఠ, గరిష్ఠ ధరల్ని ఇన్‌పుట్‌గా ఇచ్చాను. ఆర్-స్క్వేర్ 0.98! రెజ్యూమెలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాను.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నెమ్మదిగా అడిగారు. "పొద్దున్నే రైతు టిక్కీలు దించి, ఇవాళ ఎంత పలుకుతుందమ్మా అంటే, ఇవాళ్టి గరిష్ఠ ధర నీకెలా తెలుస్తుంది?"

నోట మాట రాలేదు. బేరాలన్నీ ముగిస్తే గానీ తెలియని అంకె అది. ఆయన ఆగలేదు. "పోనీ, నిన్నటి ధరే ఇవాళా అని చెప్పేస్తే ఎంత తేడా వస్తుంది?"

ఎప్పుడూ లెక్కేయలేదు. ఇంటికొచ్చి వేశాను. ఆ రెండు కాలమ్‌లు తీసేసి గత రోజుల ధరలతో చేస్తే, నా రాండమ్ ఫారెస్ట్ క్వింటాకు సగటున 420 రూపాయలు తప్పింది. నిన్నటి ధర 390 తప్పింది. మూడు నెలలు నిద్ర మానుకుని చేసిన పని!

నువ్వు ఆ కాలమ్‌లు వాడలేదు, బంగారం. కానీ `train_test_split`ని అలాగే వదిలేశావేంట్రా? అది వరసల్ని కలగాపులగం చేసేస్తుంది. మార్చి 10 ధర చెప్పే ముందే మార్చి 11 ధర చూసేసి ఉంటుంది. తేదీ ప్రకారం సార్ట్ చేసి, ఇలా పెట్టు:

```
train_test_split(X, y, test_size=0.2, shuffle=False)
```

స్కోరు పడుతుంది. పడనీ. `README` మొదట్లోనే ఇది ఎవరికి పనికొస్తుందో, ఎన్ని రోజుల ముందు ధర చెబుతుందో రాయి. దాని కిందే నిన్నటి ధర ఎంత తప్పిందో, నీది ఎంత తప్పిందో పక్కపక్కన చూపించు. నీది ఓడితే ఓడిందనే రాయి. వేసవి సెలవుల తర్వాత యార్డు తెరిచిన రోజుల్లో ఎంత తప్పిందో ఒక గ్రాఫ్ పెట్టు. నేనైతే ముందు అదే చూస్తాను.

ముగ్గురు ఎదురుగా కూర్చుంటే నీకు చిన్నప్పటి నుంచీ గొంతు పెగలదు. నా భయమంతా అదే. శనివారం రాత్రి ఫోన్ చెయ్, ఆ పెద్దాయనలాగే అడుగుతాను. ముందు అన్నం తిను.

మీ అత్త