టెక్ సందేహాలు: సీటీ స్కాన్ సీడీని కాపీ చేస్తే ఎందుకు ఓపెన్ కాలేదు?

ప్రశ్న: మా నాన్నగారికి పొట్ట సీటీ స్కాన్ తీయించి సీడీ ఇచ్చారు. గుంటూరులో మా లాప్‌టాప్‌లో బాగానే ఓపెన్ అయింది. అందులో DICOMDIR అనే ఫైలు, వ్యూయర్ ప్రోగ్రామ్ ఉంటే ఆ రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని హైదరాబాద్ వెళ్లాం. అంతా కలిపి 38 ఎంబీ. అక్కడ డాక్టర్ గారి కంప్యూటర్‌లో ఒక్క బొమ్మ కూడా రాలేదు. సీడీ పాడైందా? మళ్లీ స్కాన్ తీయించాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మీ ఇంట్లో ఓపెన్ అయిందంటే సీడీ బాగానే ఉందన్నమాట. అసలు బొమ్మలు పెన్‌డ్రైవ్‌లోకి రాలేదు, అంతే. ఆ సంగతి మీరు రాసిన 38 ఎంబీయే చెబుతోంది.

సీటీ స్కాన్ అంటే ఒంటిని అడ్డంగా పొరలు పొరలుగా తీసిన బొమ్మలు. సాధారణంగా ఒక్కో పొర 512 చుక్కల వెడల్పు, 512 చుక్కల ఎత్తు ఉంటుంది. ఒక్కో చుక్కకు 2 బైట్లు పడుతుంది కాబట్టి ఒక పొరకు దాదాపు అర ఎంబీ. పొట్ట స్కాన్‌లో 300 పొరలున్నాయనుకుంటే సుమారు 150 ఎంబీ కావాలి. నాణ్యత తగ్గకుండా కుదించినా అందులో సగమో, మూడో వంతో ఉంటుంది. వ్యూయర్ ప్రోగ్రామ్ ఒక్కటే కొన్ని పదుల ఎంబీ ఉంటుంది కాబట్టి, మీ 38 ఎంబీలో ఎక్కువ భాగం అదే అయి ఉండాలి.

ఇక DICOMDIR సంగతి. అది పుస్తకం ముందుండే విషయసూచిక లాంటిది. పేషెంట్ పేరు, ఏ రోజు ఏ స్కాన్ తీశారు, ఏ బొమ్మ ఏ ఫోల్డర్‌లో ఉంది అన్న వివరాలే అందులో ఉంటాయి. అసలు బొమ్మలు పక్కనే DICOM అనో, IMAGES అనో ఉన్న ఫోల్డర్‌లో IM000001 లాంటి పేర్లతో ఉంటాయి. సీడీల మీద ఈ పేర్లు 8 అక్షరాలు దాటకూడదని, చివర .jpg లాంటి తోక ఉండకూడదని, స్కాన్ బొమ్మల ఫైళ్లకు అందరూ వాడే DICOM, అంటే డైకామ్ అనే ప్రమాణంలో నియమం. అందుకే చూసినవాళ్లు అవేవో పనికిరాని ఫైళ్లనుకుని వదిలేస్తుంటారు. అవి నిజంగా స్కాన్ ఫైళ్లేనా అని అనుమానమొస్తే ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఏవేవో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, కానీ మొదట్లోనే, మామూలుగా ఖాళీగా ఉండే 128 బైట్ల తర్వాత, DICM అన్న నాలుగు అక్షరాలుంటాయి. ఆ తర్వాత పేషెంట్ పేరు, మెషీన్ వివరాలు, చివర్లో బొమ్మ. ఫైలు పేరు మార్చినా లోపలున్న పేషెంట్ పేరు పోదు. ఎవరికి పంపుతున్నారో చూసుకుని పంపండి.

ఫోల్డర్ కూడా కాపీ చేశాక ఫైళ్ల పేర్లు మార్చినా, ఫోల్డర్‌ను ఇంకోచోటికి జరిపినా మళ్లీ ఇదే గొడవ. సూచికలో రాసిన దారి పాతది కదా, వ్యూయర్ అక్కడికి వెళ్లి ఏమీ లేదంటుంది. అప్పుడు DICOMDIRను పట్టించుకోకుండా, వ్యూయర్‌లో నేరుగా ఆ ఫోల్డర్‌నే ఓపెన్ చేయమనండి. బొమ్మలు చాలాసార్లు వచ్చేస్తాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: సీడీలో ఉన్నదంతా ఎంచుకుని, ఏదీ విడదీయకుండా పెన్‌డ్రైవ్‌లోని ఒకే ఫోల్డర్‌లో వేయండి. తర్వాత రెండు చోట్లా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, సైజు సరిచూడండి. మధ్యలో `cyclic redundancy check` అన్న మెసేజ్ వస్తే గీతలు పడి సీడీలో కొంత భాగం చదవడానికి రావడం లేదని అర్థం. అప్పుడు స్కాన్ సెంటర్‌కు వెళ్లి ఇంకో కాపీ అడగండి. బొమ్మలు వాళ్ల సర్వర్‌లో ఉన్నంతకాలం మళ్లీ స్కాన్ అక్కర్లేదు, కాబట్టి ఆలస్యం చేయకండి.

సీడీతో వచ్చే వ్యూయర్ మీద ఆధారపడకపోవడమే మేలు. అది ఎక్కువగా విండోస్ కోసం చేసిందే, మ్యాక్‌లో నడవదు. పెన్‌డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌లను నడవనివ్వని ఆసుపత్రి కంప్యూటర్లు కూడా ఉంటాయి. మీ లాప్‌టాప్‌లో Weasis అనే వ్యూయర్ వేసుకోండి. ఉచితం, విండోస్‌లో, మ్యాక్‌లో, లైనక్స్‌లో నడుస్తుంది. లాప్‌టాప్‌నే వెంట తీసుకెళ్లొచ్చు. పాత వ్యూయర్‌లో పేషెంట్ పేరు కనిపించి బొమ్మ దగ్గర బూడిదరంగు తెర వస్తే, ఫైలు కుదించిన పద్ధతి ఆ వ్యూయర్‌కు తెలియకపోయి ఉండొచ్చు. అలాంటివి దీనిలో తెరిచి చూడండి.

ఇంత గొడవెందుకు, తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుదామనిపించవచ్చు. కానీ డైకామ్ ఫైలులో ఒక్కో చుక్కకు వేల స్థాయుల తేడాలుంటాయి. డాక్టర్ అదే బొమ్మను ఒకసారి ఎముక కోసం, ఇంకోసారి కాలేయం కోసం వెలుగునీడలు మార్చుకుని చూస్తారు. ఫొటోలో మీరు తీసినప్పుడున్న ఒక్క అమరికే మిగులుతుంది.