పోర్ట్ ఫార్వర్డ్ చేసినా బయటివారికి అందని గేమ్ సర్వర్

ఇంట్లో మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్ పెట్టి, రౌటర్‌లో 25565 పోర్ట్ ఫార్వర్డ్ చేశాను. ఇంట్లోవాళ్లకు కనెక్ట్ అవుతోంది, బయటి మిత్రులకు కావడం లేదు. ఎందుకు?

రౌటర్ స్టేటస్ పేజీలో `WAN IP` ఎదురుగా ఉన్న చిరునామాను, మీ పబ్లిక్ ఐపీని చూపే ఏదైనా వెబ్‌సైట్‌లో కనిపించే చిరునామాతో పోల్చండి. రెండూ ఒకటే అయితే లోపం ఫార్వర్డ్ నియమంలోనో, సర్వర్ ఉన్న కంప్యూటర్ ఫైర్‌వాల్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. వేర్వేరుగా ఉంటే, మీ రౌటర్‌కు ముందు ఇంకొక నాట్, అంటే లోపలి చిరునామాలను ఒకే బయటి చిరునామాగా మార్చే ఏర్పాటు, ఉన్నట్టే.

ఉదాహరణకు `WAN IP` ఎదురుగా `192.168.1.5` అని ఉంటే, సాధారణంగా మీ మోడెమ్ కూడా రౌటర్‌గా పనిచేస్తోందని అర్థం. బయటి నుంచి వచ్చే అభ్యర్థన మీ రౌటర్‌దాకా రాకుండా మోడెమ్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చండి, లేదా అందులోనూ 25565 టీసీపీ పోర్ట్‌ను `192.168.1.5`కు ఫార్వర్డ్ చేయండి.

చిరునామా `100.64` నుంచి `100.127` వరకు ఉన్న శ్రేణిలో మొదలైతే, ఒకే పబ్లిక్ ఐపీని మీ ప్రొవైడర్ అనేకమందికి పంచుతున్నారన్నమాట. ఆ నాట్ వారి పరికరంలో ఉంది గనుక ఇంట్లో ఏ సెట్టింగ్ మార్చినా ఫలితం ఉండదు. విడిగా పబ్లిక్ ఐపీ అడగాలి, లేదా పబ్లిక్ ఐపీ ఉన్న అద్దె సర్వర్ ద్వారా టనెల్ వేసుకోవాలి.

పరీక్షించేటప్పుడు వైఫై కాకుండా మొబైల్ డేటానే వాడండి. కొన్ని రౌటర్లు సొంత పబ్లిక్ ఐపీకి లోపలి నుంచి వెళ్లనివ్వవు, దాంతో సరిగ్గా ఉన్నదీ పాడైనట్టు కనిపిస్తుంది.