తప్పంతా ఒక్కడి మీదే పడుతోంది, మీటింగ్ ఎలా నడపాలి?

ప్రశ్న: "చీమకుర్తిలో మా గ్రానైట్ ఆర్డర్ 30 ఎంఎంకి బదులు 20 ఎంఎం కోసేశారు. మీటింగ్ పెడితే అందరూ కటింగ్ సూపర్‌వైజర్ మీద పడ్డారు, ఆయన నోరు విప్పట్లేదు."

సమాధానం:

మీటింగ్ "ఎందుకు ఇలా చేశావు?" అనే ప్రశ్నతో మొదలై ఉంటుంది. ఆ ప్రశ్నకు ఎవరైనా సంజాయిషీయే ఇస్తారు, సమాచారం ఇవ్వరు.

1. మీటింగ్‌కి ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. ఏ టైముకి ఏం జరిగిందో, అప్పటికి వాళ్లకు ఏం తెలుసో రాసుకోండి. చాలామంది వదిలేసేది ఈ రెండో ముక్కే. ఫలితం తెలిశాక తప్పు ఎవరికైనా కనిపిస్తుంది. ఆ రోజు ఆయనకు కనిపించిందా అన్నదే అసలు విషయం.

2. ఆ వరుసను బోర్డు మీద పేర్లు లేకుండా, పనుల పేర్లతో రాయండి. మీ దగ్గర ఇలా తేలొచ్చు: ఉదయం 20 ఎంఎం జాబ్ కార్డు కటింగ్‌కి వెళ్లింది. సాయంత్రం కొనేవాళ్ల మార్పు సేల్స్ వాట్సాప్‌కి వచ్చింది. రాత్రి ఒకేసారి చాలా బ్లేళ్లతో బ్లాకును కోసే గ్యాంగ్‌సా యంత్రం మొదలైంది, చేతిలో ఉన్నది పాత కార్డే. బ్లేళ్ల మధ్య దూరం ముందే బిగిస్తారు కాబట్టి బ్లాకు మొత్తం అదే మందంలో తెగింది.

3. ఇప్పుడు "మార్పు కటింగ్‌కి ఏ దారిలో చేరాలి?" అని అడగండి. ఎవరైనా పేరు ఎత్తితే, "ఆ చోట ఇంకొకరున్నా ఇలాగే జరిగేదా?" అనండి. అవునంటే లోపం పద్ధతిలో ఉంది.

4. "ఇకపై జాగ్రత్తగా ఉండాలి" అని మినిట్స్‌లో రాయకండి. "మార్పు వస్తే పాత కార్డు వెనక్కి తీసుకున్నాకే బ్లేళ్లు బిగించాలి" అని రాసి, బాధ్యులు, తేదీ పెట్టండి.

యజమానిని మొదటి అరగంట మాట్లాడకుండా వినమని ముందే అడగండి.