కోణం నిలువు గీతతో ఇచ్చినప్పుడు కొసైన్ ఎటు, సైన్ ఎటు?

ప్రశ్న: F cos θ అడ్డంగా, F sin θ నిలువుగా అని నేర్చుకున్నాను. ఈ లెక్కలో తాడు నిలువు గీతతో 30° కోణం చేస్తోందని ఇచ్చారు. ఇప్పుడు ఏది ఎటు రాయాలి? 90° నుంచి తీసేయాలా?

జవాబు: కోణాన్ని ఏ గీత నుంచి కొలిచారో ఆ గీత వెంబడి ఉండే అంశానికి కొసైన్, దానికి లంబంగా ఉండే అంశానికి సైన్ వస్తాయి. కాబట్టి ఇక్కడ నిలువు అంశం F cos 30°, క్షితిజ సమాంతర అంశం F sin 30°. బలమే కర్ణంగా లంబకోణ త్రిభుజం గీసి, కోణాన్ని ఇచ్చిన చోటే గుర్తిస్తే, దానిని ఆనుకొని ఉన్నది నిలువు భుజమేనని కంటికే తెలుస్తుంది.

విద్యార్థులకు ఈ భాగం చెప్పేటప్పుడు నేను తరచూ ఒక లెక్క ఇస్తాను. గరుకు నేలపై 10 కిలోల పెట్టె ఉంది. స్థైతిక ఘర్షణ గుణకం 0.7. నిలువుతో 30° కోణం చేసే తాడుతో దానిని 60 న్యూటన్ల బలంతో పైకి లాగుతున్నాం. పెట్టె కదులుతుందా?

నిలువు అంశం 60 cos 30°, అంటే దాదాపు 52 న్యూటన్లు. క్షితిజ సమాంతర అంశం 60 sin 30°, అంటే 30 న్యూటన్లు. పెట్టె బరువు 98 న్యూటన్లలో 52 తాడే మోస్తోంది కనుక నేల ఇచ్చే అభిలంబ బలం 46 న్యూటన్లు, గరిష్ఠ ఘర్షణ సుమారు 32 న్యూటన్లు. లాగే 30 న్యూటన్లు దానికి చాలవు కాబట్టి పెట్టె కదలదు. సైన్, కొసైన్ తారుమారైతే అభిలంబ బలం 68, గరిష్ఠ ఘర్షణ దాదాపు 48, లాగే బలం 52 అని వచ్చి, పెట్టె కదులుతుందనే తప్పుడు నిర్ణయానికి చేరుకుంటాం.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా గమనించాలి. అంశాల వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 60 వచ్చిందని, లెక్క సరిపోయిందని నమ్మే విద్యార్థులను చాలామందిని చూశాను. కానీ రెండు అంశాలూ తారుమారైనా ఆ మొత్తం మారదు కనుక ఆ సరిచూపు ఈ తప్పును ఎన్నటికీ పట్టుకోలేదు. దానికి బదులు కోణాన్ని మనసులోనే సున్నాకు తగ్గించి చూడండి. తాడు నిట్టనిలువు అయినప్పుడు అడ్డంగా లాగే బలం ఏమీ మిగలకూడదు. F sin θ సున్నా అవుతుంది, F cos θ కాదు. పైగా నిలువుతో కోణం 45° కంటే తక్కువైతే నిలువు అంశమే పెద్దదిగా రావాలి.

90° నుంచి తీసేసి, క్షితిజ రేఖతో 60° అని తీసుకోవడమూ సరైన పద్ధతే. అప్పుడు మీరు నేర్చుకున్న సూత్రం ఉన్నదున్నట్టు పనిచేస్తుంది. అయితే కోణాన్ని మార్చిన తరువాత సైన్, కొసైన్‌లను కూడా మార్చడం నేను దిద్దిన జవాబుల్లో తరచూ కనిపించే తప్పు. రెండు మార్పులూ ఒకదానినొకటి రద్దు చేసుకుని మళ్లీ 52 న్యూటన్లు అడ్డంగా వచ్చి కూర్చుంటాయి. అందుకే నేను కోణాన్ని మార్చకుండా, బొమ్మలో ఉన్నదానినే వాడతాను.