గంట ఖరీదు తెలియకుండా కొటేషన్ ఇస్తే లోటు కార్డు మీద పడుతుంది

ప్రశ్న: ఏడాదిన్నరగా సొంతంగా వెబ్‌సైట్లు డిజైన్ చేస్తున్నాను. కిందటి ప్రాజెక్టు 60,000కి ఒప్పుకున్నా. మూడు వారాల పని అనుకుంటే రెండు నెలలు పట్టింది. చివరి 20,000 ఇంకా రాలేదు. ఇల్లు గడవడానికి క్రెడిట్ కార్డు మీద 40,000 నగదు తీశాను. ఇప్పుడు అలాంటి పనే మరొకటి వచ్చింది. ఈసారి 75,000 చెబితే సరిపోతుందా? ఇంటి ఖర్చు నెలకు 45,000. కార్డు బాకీ తీర్చడానికి పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: లోన్ వద్దు. 75,000 కూడా వద్దు. రెండింటికీ కారణం ఒకటే కాబట్టి ముందు ధర సంగతి తేల్చుకుందాం.

60,000 గిట్టలేదు కాబట్టి 75,000 అంటున్నారు. పాత ఊహకు కొంత కలిపితే వచ్చేది కొత్త ఊహే. సొంతంగా పని చేసుకునేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. క్లయింట్ ముఖం చూసో, పక్కవాడు ఎంత తీసుకున్నాడో విని ఓ అంకె చెప్పేస్తారు. ఆ అంకెలో తమ సాఫ్ట్‌వేర్ ఖర్చుందా, పన్నుందా, జబ్బుపడిన వారముందా అని వెనక్కి తిరిగి చూసుకోరు. కాగితం మీద మొదట రావాల్సింది మీ గంట ఖరీదు. ప్రాజెక్టు ధర దాన్నుంచి పుడుతుంది.

ముందు ఏడాదికి చేతికి ఎంత రావాలో రాయండి. ఇంటి ఖర్చు 5,40,000. ఆరోగ్య బీమా, జీవిత బీమా, రిటైర్మెంట్ పొదుపు కలిపి నెలకు 6,000 అనుకుందాం, అంటే 72,000. మూడోది మీ లెక్కలో ఎప్పుడూ లేని అత్యవసర నిధి. ఆరు నెలల ఇంటి ఖర్చంటే 2,70,000. రెండేళ్లలో కూడబెట్టాలంటే ఏడాదికి 1,35,000. ఇది మిగిలితే దాచుకునే డబ్బు కాదు, అద్దె లాగే మీ ధరలో ఉండాల్సిన ఖర్చు. జీతగాడికి పని లేని నెలలోనూ జీతం వస్తుంది. మీకు రాదు. ఆ నెలకయ్యే ఖర్చును పని ఉన్న నెలల్లోని క్లయింట్లే భరించాలి. మూడూ కలిపితే 7,47,000.

దీనికి పన్ను కలపాలి. చాలామంది ఇక్కడ లెక్క తప్పుతారు. కిందటేడు మీరు కట్టిన పన్నును ఆ ఏటి లాభంతో భాగిస్తే మీ అసలు రేటు తెలుస్తుంది. అది 10 శాతం అనుకుందాం. 7,47,000 మీద 10 శాతం కలిపితే 8,21,700 వస్తుంది. కానీ దానిలోంచి 10 శాతం పన్ను పోతే చేతికొచ్చేది 7,39,530 మాత్రమే. కాబట్టి కలపకూడదు, 0.9తో భాగించాలి. అప్పుడు 8,30,000 వస్తుంది. రేటు 25 శాతం ఉన్నవాళ్లకు ఈ తేడా ఇంకా పెద్దది. వాళ్లు 0.75తో భాగించాలి.

తర్వాత పనిముట్లు. డిజైన్ సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్, హోస్టింగ్, ఇంటర్నెట్, కరెంటు, లెక్కలు చూసేవారి ఫీజు కలిపి నెలకు 7,000 అనుకుంటే ఏడాదికి 84,000. లాప్‌టాప్‌ను మరవకండి. 90,000 పెట్టి కొన్నది మూడేళ్లు పనిచేస్తుందంటే ఏటా 30,000 అరిగిపోతున్నట్టే. ఇప్పుడు పక్కన పెట్టకపోతే అది ఆగిపోయిన రోజున మళ్లీ అప్పుకే వెళతారు. మొత్తం 1,14,000. ఇది వ్యాపార ఖర్చు, పన్ను లెక్కలో లాభం నుంచి పోయేదే. అందుకే పన్ను తర్వాత కలుపుతున్నాం. ఏడాదికి మీ బిల్లులు 9,44,000 కావాలి.

ఇక గంటలు. ఏడాదికి 52 వారాలు. సెలవులు, జ్వరాలు, పని దొరకని రోజులకు 6 వారాలు తీసేస్తే 46. వారానికి 40 గంటలు కూర్చున్నా అన్నింటికీ బిల్లు వేయలేరు. కొత్త క్లయింట్‌తో మాట్లాడటం, ఓకే కాని కొటేషన్లు రాయడం, బిల్లులు పంపి వాటి కోసం నాలుగుసార్లు గుర్తుచేయడం, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం... వీటికి డబ్బిచ్చేవారుండరు. వీటికి వారానికి 18 గంటలు పోతాయనుకుంటే బిల్లుకు మిగిలేవి 22. ఏడాదికి 1,012 గంటలు. 9,44,000ను 1,012తో భాగిస్తే గంటకు దాదాపు 935.

ఇంటి ఖర్చును మాత్రమే తీసుకుని, 52 వారాలూ 40 గంటలూ బిల్లు చేస్తాననుకుంటే గంటకు 260 వస్తుంది. చాలామంది మనసులో పెట్టుకున్న ధర దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒక జాగ్రత్త. ఫలానా ప్రాజెక్టు గురించి ఆ క్లయింట్‌తో మాట్లాడే గంటలు ఆ ప్రాజెక్టు గంటలే. వాటిని ఆ 18లో కూడా వేస్తే ఒకే గంటకు రెండుసార్లు ధర కట్టినట్టవుతుంది. మీ కిందటి రెండు నెలలు ఎటు పోయాయో తెలియాలంటే మెయిళ్ల తేదీలు, ఫైళ్లు సేవ్ చేసిన సమయాలు, ఫోన్ కాల్స్ చూసి తిరిగి రాసుకోండి. కొత్త పనికి మాత్రం మొదటిరోజు నుంచే పావుగంట చొప్పున నమోదు చేయండి.

ఇప్పుడు మీ ముందున్న పని. ఏం కావాలో మాట్లాడుకోవడానికి 8 గంటలు, నమూనాలకు 22, రెండు రౌండ్ల మార్పులకు 12, పేజీలు కట్టడానికి 36, రాతలూ ఫొటోలూ ఎక్కించడానికి 14, ఫోన్లలో, వేర్వేరు బ్రౌజర్లలో సరిచూడటానికి 10, అప్పగింతకు 6. మొత్తం 108. ఊహించని వాటికి 20 శాతం కలిపితే 130 గంటలు. గంటకు 935 చొప్పున 1,21,550. ఈ ఒక్క పని కోసం కొనాల్సిన ఫాంట్, ప్లగిన్ లైసెన్సులు 6,000. కాబట్టి 1,28,000 చెప్పండి. క్లయింట్‌కు గంటలు చూపించనక్కర్లేదు, ఒకే మొత్తంగా చెప్పండి. క్లయింట్ నుంచి వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను మీకు వర్తిస్తే అది దీనిపైన విడిగా రావాలి.

75,000కి ఒప్పుకుంటే ఏమవుతుందో చూడండి. లైసెన్సులు పోగా 69,000. 130 గంటలకు గంటకు 530. ఏడాదంతా ఇదే ధరకు చేస్తే వచ్చేది 5,36,000. పనిముట్లు, పన్ను పోగా 3,80,000. మీ ఇల్లు గడవడానికే 5,40,000 కావాలి. నెలకు 13,000కు పైగా లోటు. మీ కార్డు పూడుస్తున్నది ఈ లోటునే. అప్పు వచ్చిపడింది ఒక చెడ్డ నెల వల్ల కాదు, కొటేషన్‌లోనే అది రాసి ఉంది.

క్లయింట్ తన దగ్గర 90,000 మాత్రమే ఉన్నాయనవచ్చు. అప్పుడు గంట ధర తగ్గించకండి, పని తగ్గించండి. లైసెన్సులు పోగా మిగిలే 84,000కి 90 గంటలొస్తాయి. పని గంటల మీద 20 శాతం వెసులుబాటు ఉండాలంటే పని 75 గంటల్లోపే ఉండాలి. అంటే 33 గంటలు తీసేయాలి. రాతలూ ఫొటోలూ ఎక్కించే 14 గంటల పని క్లయింట్ చూసుకోవాలి, మార్పులు ఒక్క రౌండే ఉండాలి, పేజీల సంఖ్య 13 గంటల మేరకు తగ్గాలి. ఇది మాటల్లో కాదు, కొటేషన్‌లో రాయండి.

రాయాల్సినవి మరో రెండున్నాయి. రెండు రౌండ్లు దాటిన మార్పులకు గంటకు 935 పడుతుందని ముందే చెప్పాలి. మూడు వారాల పని రెండు నెలలు కావడానికి తరచుగా ఇదే కారణం. 'ఈ చిన్న రంగు మార్చండి' అని పది రోజుల్లో పదిసార్లు వస్తుంది, ఒక్కోటీ గంట తింటుంది. రెండోది డబ్బు వచ్చే తీరు. 40 శాతం అడ్వాన్స్, డిజైన్ ఓకే అయ్యాక 40, మిగిలిన 20 సైట్ పబ్లిక్‌కు తెరిచే ముందు లేదా మీరు పూర్తిచేసి పంపిన 14 రోజుల్లో, ఏది ముందైతే అది. తమకు తృప్తి కలిగాక ఇస్తామనే షరతుకు ఒప్పుకుంటే ఇప్పుడు ఆగిన 20,000 లాంటిదే మళ్లీ ఆగుతుంది.

లోన్ గురించి. కార్డు మీద నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది, పైగా తీసినందుకు రుసుం. ఇకపై ఇల్లు నడపడానికి దాన్ని ముట్టుకోకండి. పర్సనల్ లోన్ వడ్డీ తక్కువ కావచ్చు, కానీ ఖాళీ అయిన కార్డును మళ్లీ గీకుతారు, అప్పుడు రెండు బాకీలవుతాయి. నెలకు 5,000 వాయిదా అంటే పన్నుతో కలిపి మీ ప్రతి గంట మీదా ఇంకో 66 పడుతుంది. దాన్ని ఏ క్లయింట్‌ను అడుగుతారు?

మీ బాకీకి లోన్ అవసరమే లేదు. 1,28,000 పని ఆరు వారాలు పడుతుంది. దానిలోంచి లైసెన్సులు, పనిముట్ల వాటా, పన్ను, ఆ ఆరు వారాల ఇంటి ఖర్చు, బీమా, పొదుపు తీసేస్తే దాదాపు 20,000 ఉంటుంది. అత్యవసర నిధికి వెళ్లాల్సిన ఆ డబ్బును ఈ ఒక్కసారికి కార్డుకు కట్టండి. పాత క్లయింట్ ఇచ్చే 20,000 కూడా వచ్చిన రోజే కార్డుకు. అసలు తీరుతుంది, మిగిలిన వడ్డీ తర్వాతి నెల పొదుపు నుంచి పోతుంది. పన్ను కోసం వేరే ఖాతా తెరిచి, ప్రతి వాయిదా పడిన రోజే పన్ను వాటా దానిలో వేయండి. చెల్లించేటప్పుడే క్లయింట్ కొంత పన్ను పట్టుకుంటే అంత మేరకు తగ్గించి వేయండి.

ఆ తర్వాత నెలకు 11,250 చొప్పున అత్యవసర నిధి మొదలుపెట్టండి, సులువుగా తీసుకోగల చోటే ఉంచండి. మొదటి గమ్యం ఒక నెల ఖర్చు, 45,000. అది నాలుగు నెలల పని. షేర్లు, ఫండ్లు లాంటివాటి ఆలోచన మొత్తం 2,70,000 నిండేదాకా వద్దు. ఈలోగా 75,000 పని మళ్లీ వస్తే ఒప్పుకోకుండా ఉండగలిగేది చేతిలో ఆ 45,000 ఉన్నప్పుడే.